రాగి పైపుకు సూదిబెజ్జం: క్లాంపా, ముక్క మార్చడమా, లైనంతా మార్చడమా?

రాగి పైపులో సూదిబెజ్జమంత లీకు వస్తే ఏ రిపేరు మేలో బయట నుంచి చూసి చెప్పలేం, ఎందుకంటే బెజ్జం లోపలి నుంచి పడుతుంది. క్లాంపు, ఎపాక్సీ ముద్ద ఆ పూటకి నీరు ఆపుతాయి. అంతకుమించి వాటికి విలువ ఇవ్వను. లీకు ఉన్నచోట అడుగు పొడవు ముక్క కోసి, నిలువునా చీల్చి చూడాలి. కోసేముందు పైపు పైభాగం ఏదో మార్కరుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే సగం సాక్ష్యం పోయినట్టే.

అడ్డంగా వెళ్లే చన్నీళ్ల పైపులో, జాయింటుకు జానెడు దూరంలో లీకు వచ్చిందనుకుందాం. చీల్చి చూస్తే జాయింటు దగ్గర మొదలై పైపు అడుగుభాగం వెంబడి కారినట్టు ఒక జిడ్డు చార, దాని మీద ఆకుపచ్చ పొక్కులు, పై సగం మాత్రం శుభ్రంగా ఉంది. అది సోల్డర్ బాగా అంటుకోవడానికి పూసే ఫ్లక్స్ పని. సోల్డర్ చేసేటప్పుడు మరీ ఎక్కువ పూస్తే వేడికి కరిగి లోపలికి జారుతుంది. పాతరకం జిడ్డు పేస్టు చన్నీటిలో కరగదు. అందులోని క్లోరైడ్ ఆ చార కిందే ఉండి రాగిని ఏళ్ల తరబడి తింటుంది. ఇలాంటప్పుడు చార ఉన్నంతమేరా కోసి కొత్త ముక్క వేస్తే చాలు. ఈసారి ఏఎస్‌టీఎం బీ813 ప్రమాణానికి సరిపడే, నీటితో కడిగితే పోయే ఫ్లక్స్ వాడాలి. పైపు చివర, ఫిట్టింగు లోపల పలుచగా పూసి, పని అయ్యాక లైనులో నీళ్లు ధారాళంగా వదలాలి. అయితే అదే చేత్తో చేసిన మిగతా జాయింట్లూ అనుమానమే.

పొక్కులు జాయింట్లతో సంబంధం లేకుండా, పైనా కిందా చెదురుగా ఉంటే నీటినే అనుమానించాలి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి, బైకార్బొనేట్ కంటే సల్ఫేట్ ఎక్కువున్న కఠిన బావినీరు ఒక రకం. రెండో రకం చాలామందిని తికమక పెడుతుంది: పీహెచ్ 8 దాటి, ఆల్కలినిటీ తక్కువగా, క్లోరిన్ కలిసిన మెత్తని నీరు. ఆమ్లం లేదు కదా అని ఊరుకుంటే అదీ గుంటలు తొలుస్తుంది. కాబట్టి టెస్టుకి పంపితే పీహెచ్ ఒక్కటే కాక ఇవన్నీ అడగాలి.

నీటి వల్ల వచ్చిందైతే ముక్క మార్చడం డబ్బు దండగ. పక్కనే ఇంకో గుంట సిద్ధంగా ఉంటుంది. లైనంతా పెక్స్ లేదా సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మార్చడానికే నా ఓటు. రాగి పైపుని కరెంటు ఎర్తింగుకి వాడుకున్న ఇళ్లలో మాత్రం ముందు ఎలక్ట్రీషియన్‌తో వేరే ఏర్పాటు చేయించాలి, ప్లాస్టిక్ ఆ దారిని తెంచేస్తుంది.

లోపల ఎపాక్సీ పూత పూయించడం పైపు కాంక్రీటు కింద ఉండి, తవ్వడం కుదరనప్పుడే ఆలోచించాలి. పూతకి ముందు ఇసుకలాంటి పొడితో లోపల గీకుతారు, బాగా పలచబడినచోట ఆ గీకుడుకే చిల్లు పడవచ్చు. తర్వాత ఆ పైపు మీద సోల్డర్ చేస్తే వేడికి పూత పాడవుతుంది.

ఫాస్ఫేట్ కలిపి నీటిని సరిచేయడం కొత్త గుంటలను తగ్గించగలదు, కానీ ఇప్పటికే లోతుగా తొలిచినవి ఆగుతాయన్న భరోసా లేదు.