కార్డు మారిందా? ఆటో రెన్యూవల్‌ను నమ్ముకుని కూర్చోకండి

బ్యాంకు నుంచి ఈ మధ్య కొత్త కార్డు అందుకున్నవాళ్ళు, డొమైన్, హోస్టింగ్ లాంటివి ఆటో రెన్యూవల్‌లో పెట్టుకున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. సైట్‌లో మీ కార్డు సేవ్ అయి ఉన్నట్టు కనిపించినా, గడువు రోజున దాని మీద డబ్బు కట్ కాకపోవచ్చు. మంగళగిరిలో మా అక్క నడిపే చేనేత చీరల షాపు వెబ్‌సైట్ అలాగే ఆగిపోయింది, అదీ పెళ్ళిళ్ళ సీజన్‌లో.

అక్క పాత కార్డు వీసాది. గడువు దగ్గరపడగానే బ్యాంకు దాని బదులు రూపే కార్డు పంపింది. హోస్టింగ్ కంపెనీకి ఏటా కట్టేది రూ.3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం రూ.4,130. హోస్టింగ్ గడువు రోజున పేమెంట్ ఫెయిలైంది. కంపెనీ అదే పాత కార్డు మీద మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ఫెయిలైందన్న మెయిళ్ళు షాపు మెయిల్‌కే పంపింది. ఆ మెయిల్ నడిచేది అదే డొమైన్ మీద. సైట్ ఆగాక అదీ ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ బ్యాంకే ఒప్పుకోలేదండీ" అన్నారు. బ్యాంకును అడిగితే "మా దాకా ఏ లావాదేవీ రాలేదు" అన్నారు. పైగా, సైట్‌ను తిరిగి తెరవడానికి కంపెనీ అదనపు రుసుము అడిగింది.

అసలు కారణం ఇది. 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అమ్మకందారులు మన కార్డు నంబరు దాచుకోకూడదు. గుర్తు కోసం చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రం ఉంచుకోవచ్చు. నంబరు స్థానంలో వాళ్ళ దగ్గర ఉండేది టోకెన్ అనే వేరే కోడ్. దాన్ని సాధారణంగా ఇచ్చేది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్. ఒక టోకెన్ ఒక కార్డుకి, ఒక అమ్మకందారుకి మాత్రమే పనిచేస్తుంది. కార్డు రెన్యూ అయినా, మారినా, కొత్త కార్డును పాత అమ్మకందారులతో కలపడానికి బ్యాంకు మన స్పష్టమైన అనుమతి తీసుకోవాలి. నెట్‌వర్కే మారిపోతే పాత టోకెన్‌కి దారే లేదు. వీసా ఇచ్చిన టోకెన్ రూపే కార్డు మీద నడవదు. తెర మీద కనిపించే ఆ చివరి నాలుగు అంకెలను చూసి కార్డు బతికే ఉందనుకుంటాం, అక్కడే మోసపోతాం.

ముందే పసిగట్టే మార్గం ఒకటుంది. ఆటో డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు, ఎంత కట్ అవుతుందో, ఎవరికి వెళ్తుందో చెబుతూ బ్యాంకు మనకు సందేశం పంపాలి. రూ.15,000 లోపు మామూలు ఆటో డెబిట్‌కి ఓటీపీ అడగరు కాబట్టి మనకు అందే సూచన ఈ సందేశమే. గడువుకి ముందు రోజు కూడా అది రాలేదంటే ఆటో రెన్యూవల్ మీద ఆశ పెట్టుకోకండి, వెంటనే యూపీఐతోనో మరో కార్డుతోనో మీరే కట్టేయండి. ఆ తర్వాత తీరిగ్గా సైట్‌లో పాత కార్డు తీసేసి, కొత్తది ఓటీపీతో చేర్చి, ఆటో రెన్యూవల్‌కి మళ్ళీ అనుమతి ఇవ్వండి. కార్డు సేవ్ చేయడం వేరు, ఆటో డెబిట్‌కి అనుమతివ్వడం వేరు. మొదటిది చేసి రెండోది వదిలేస్తే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే గొడవ. కంపెనీ దగ్గర ఇచ్చే మెయిల్ కూడా మీ డొమైన్ మీదిది కాకుండా చూసుకోండి.

ఇక కంపెనీని ఏం అడగాలి? "టోకెన్ ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా, మీ పేమెంట్ గేట్‌వేకి వచ్చిన తిరస్కరణ కోడ్ ఏమిటి?" అని రాతపూర్వకంగా అడగండి. కోడ్ 51 అంటే ఖాతాలో డబ్బు చాలలేదు, రెండు రోజులాగి ప్రయత్నించడంలో అర్థముంది. 54 అంటే కార్డు గడువు తీరింది, 14 అంటే కార్డు నంబరు చెల్లదు. ఈ రెండింటికీ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు. టోకెన్ సస్పెండ్ అయినా, రద్దయినా నెట్‌వర్క్ నుంచి గేట్‌వేకి సమాచారం వస్తుంది. బాధ్యతగల అమ్మకందారు దాన్ని అందుకుని, ఆ కార్డును "పనిచేయదు" అని చూపించి, గడువుకి ముందే ఎస్సెమ్మెస్‌లో పేమెంట్ లింక్ పంపాలి. డబ్బు అందేలోగా సైట్‌ను కొన్ని రోజులు నడవనివ్వాలి. ఇవేవీ చేయకుండా అదనపు రుసుము అడగడం అన్యాయం.

మేం ఇవే ప్రశ్నలు మెయిల్‌లో పెట్టాం. వచ్చిన కోడ్ 54 అని ఒప్పుకున్నారు, అదనపు రుసుము తీసేశారు, లింక్ పంపితే రూ.4,130 కట్టాం, సైట్ తెరుచుకుంది. ఆ మధ్యలో పోయిన ఆర్డర్లకి మాత్రం ఎవరూ బాధ్యత తీసుకోలేదు. ఇలాంటి అనుభవం మీకూ ఎదురైతే మీకు వచ్చిన కోడ్ కింద రాయండి, కారణం వెతకడానికి మిగతావాళ్ళకి పనికొస్తుంది.