తిరుపతిలో ఇల్లు కట్టిస్తున్నారా? స్లాబ్ కింద సెంట్రింగ్ ఊడదీసే రోజు జాగ్రత్త

తిరుచానూరు వైపో, రేణిగుంట రోడ్డు వైపో రెండు మూడు సెంట్లలో చిన్న ఇల్లు కట్టిస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. స్లాబ్ వేసే రోజు అందరం దగ్గరుండి చూసుకుంటాం. సిమెంటు ఎన్ని బస్తాలు పడుతోంది, వైబ్రేటర్ సరిగా పెడుతున్నారా అని. మాకు నష్టం జరిగింది మాత్రం ఆ తర్వాత వారంలో.

మా హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, పదహారు అడుగుల బీము ఒక్కటే. స్లాబ్ మందం ఐదు అంగుళాలు. వాడింది పీపీసీ, అంటే బూడిద (ఫ్లైయాష్) కలిసిన సిమెంటు. మేం ఊళ్లో లేని రోజు చూసి, ఆరో రోజే కాంట్రాక్టరు సెంట్రింగ్ మొత్తం, అంటే జాకీలు, షీట్లు, బీము అడుగు పలకలు అన్నీ తీయించి వేరే సైటుకి పంపేశాడు. మరుసటి రోజు పిట్టగోడ కోసం వెయ్యి ఇటుకలు పైకెక్కించి హాలు నడిమధ్యలో పేర్చారు. ఇటుక మూడు కేజీలనుకున్నా మూడు టన్నులు, అదీ ఒక్కచోట. ఆ హాలు మీది స్లాబ్ సొంత బరువే ఐదున్నర టన్నులు దాటుతుంది.

"ఏం కాదన్నా, పైన నీళ్లు నిలబెట్టాం కదా" అన్నాడు అడిగితే. అసలు మోసం ఈ మాటలోనే ఉంది. నీళ్లు పట్టే రోజులు వేరు, సెంట్రింగ్ ఉంచే రోజులు వేరు. నీళ్లు కాంక్రీటుని గట్టిపడనిస్తాయి. అది గట్టిపడేలోపు బరువు మోసేది కింది జాకీలే.

మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం స్తంభాల పలకలు, బీము పక్క పలకలు 16 నుంచి 24 గంటల తర్వాత తీయొచ్చు. స్లాబ్ అడుగు షీట్లు మూడు రోజులకి తీయొచ్చు కానీ, జాకీలు వెంటనే తిరిగి బిగించాలి. ఆ జాకీలు ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబ్‌కి ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీము కింద ఆరు మీటర్ల లోపు 14 రోజులు, మించితే 21. ఇవన్నీ ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటుకి చెప్పిన కనీస రోజులు. పీపీసీ మొదట్లో నెమ్మదిగా బలం పట్టుకుంటుంది కాబట్టి ఇంకా ఆగాలి, ఎన్ని రోజులో మీ ఇంజనీరుని అడగండి. అంటే దాదాపు ఐదు మీటర్లుండే మా పదహారు అడుగుల బీముకి రెండు వారాలు కూడా చాలవు. అది ఆరో రోజుకే ఒంటరిగా నిలబడింది.

తేడా ఎలా తెలిసిందంటే, బీము నడుమ అడుగు నుంచి పైకి వెంట్రుకల్లాంటి నిలువు చీలికలు వచ్చాయి. హాలు అడ్డంగా స్లాబ్ అడుగున దారం బిగించి పట్టి చూస్తే, మధ్యలో ముప్పావు అంగుళం దిగింది. వేరే ఇంజనీరుని పిలిపించాం. ఆయన ముందు ఇటుకలు దించమన్నారు, తర్వాత జాకీలు మళ్లీ పెట్టించారు. అయితే జాకీ తిప్పి స్లాబ్‌ని పైకి నెట్టొద్దని గట్టిగా చెప్పారు, అలా చేస్తే కొత్త చీలికలొస్తాయట. జాకీలు పెట్టినంత మాత్రాన దిగింది పైకి రాదు, పడిన చీలిక మూసుకోదు. ఇప్పుడు బీముకి బలం చేకూర్చే పని విడిగా చేయించుకోవాల్సి వస్తోంది. ఆ ఖర్చు మాదే అంటున్నాడు కాంట్రాక్టరు, ఎంత బాధగా ఉందో చెప్పలేను.

ఎందుకింత తొందర? జాకీలకీ షీట్లకీ అద్దె రోజు లెక్కన. చదరపు అడుగుకి ఇంత అని మొత్తం పని ఒప్పుకున్నాక, అవి మన ఇంట్లో ఉన్న ప్రతి రోజూ ఆయన జేబులోంచి పోతుంది. అందుకే ఒప్పంద పత్రంలోనే రాయించండి: బీము కింద ఎన్ని రోజులు, స్లాబ్ కింద ఎన్ని రోజులు, అద్దె ఎవరిది, ఇంజనీరు సరేనన్నాకే విప్పడం. స్లాబ్ దశ డబ్బు మొత్తం కాంక్రీటు పోసిన రోజే ఇవ్వకుండా, కొంత సెంట్రింగ్ తీశాక ఇచ్చేలా పెట్టుకోండి. కాంక్రీటు పోసిన తేదీ స్తంభం మీద పెయింటుతో రాసి ఫోటో తీసుకోండి, తర్వాత వాదన ఉండదు.

నీళ్ల సంగతి క్లుప్తంగా. ఓపీసీకి కనీసం ఏడు రోజులు, పీపీసీకి పది. మన ఎండలకి పీపీసీ స్లాబ్ మీద 14 రోజులు గట్లు కట్టి నీళ్లు నిలపాలి. బీము పక్కలకి తడి గోనెపట్టాలు కప్పాలి, పైన నిలిచిన నీళ్లు వాటికి అందవు.

విప్పే రోజు కూడా దగ్గరుండండి. గది స్లాబ్‌కి మధ్య జాకీలు ముందు తీసి గోడల వైపు రావాలి. సన్‌షేడ్‌కి బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. సుత్తితో కొట్టి ఒక్కసారిగా పడేయనివ్వొద్దు. పిట్టగోడ ఇటుకలు ఆ తర్వాతే, అవి కూడా గోడల మీదుగా, కొద్దికొద్దిగా.