అరకొర ఆర్డర్లకు రెడీమేడ్ జవాబులు: ఏడాదికి పైగా వాడాక

మాది కిరాణా కొట్టు. ఆర్డర్ల నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టి ఏడాది దాటింది. "హాయ్" అని పెట్టి ఊరుకునేవాళ్లు, "కందిపప్పు" అని మాత్రమే రాసేవాళ్లు, చీటీ ఫోటో సగమే తీసి పంపేవాళ్లు రోజూ ఉంటారు. వాళ్లకు వెళ్లే జవాబుల గురించే ఈ సమీక్ష.

యాప్‌లో ఇందుకు పనికొచ్చేవి మూడున్నాయి: గ్రీటింగ్ మెసేజ్, కొట్టు మూసి ఉన్నప్పుడు తనంతట తాను వెళ్లే అవే మెసేజ్, క్విక్ రిప్లైలు. మొదటి రెండూ కస్టమర్ ఏం రాశాడో చూడవు. ఖాళీ మెసేజ్‌కీ నిండు ఆర్డర్‌కీ వెళ్లేది ఒకే జవాబు. అందుకే తనంతట తాను వెళ్లే జవాబులో "మీ ఆర్డర్ అందింది" అన్న మాట ఉండకూడదు. రాత్రి పదింటికి "నూనె" అని ఒక్క ముక్క పెట్టినావిడకు ఆ మాట వెళ్తే, పొద్దున్నే నూనె ఇంటికొస్తుందనే అనుకుంటుంది. మా అవే మెసేజ్ ఇప్పుడిలా ఉంది:

"కొట్టు మూసేశామండీ. పొద్దున ఏడింటికి చూస్తాం. సరుకు పేరు, ఎంత కావాలో పక్కపక్కనే రాసి పెట్టండి. వాయిస్ పెట్టినా సరే. మేం ఫలానా సరుకులు, ఇంత బిల్లు అని తిరిగి పంపాకే ఆర్డర్ ఖాయం."

చివరి వాక్యం పెట్టాక "పంపలేదేంటి" అన్న గొడవలు బాగా తగ్గాయి. యాప్‌లో ముందే ఉండే ఇంగ్లిష్ వాక్యం మర్యాదగానే ఉంటుంది గానీ, ఏం రాయాలో చెప్పదు.

గ్రీటింగ్ మెసేజ్ కొత్తవాళ్లకు, లేదా 14 రోజులుగా మాటామంతీ లేనివాళ్లకు మాత్రమే వెళ్తుంది. రోజూ పాలు, పెరుగు అడిగేవాళ్లకు అది కనిపించదు. నెలకోసారి సరుకులు తీసుకునేవాళ్లకు మాత్రం దాదాపు ప్రతి నెలా వెళ్తుంది. కాబట్టి అందులో స్వాగతాలు తీసేసి నమూనా పెట్టాం: "కందిపప్పు 2 కిలోలు, చింతపండు అరకిలో, ఇంటి నంబరు, ఎప్పుడు కావాలి". అది చూసి చాలామంది అలాగే రాస్తున్నారు. కొందరు ఆ నమూనానే కాపీ చేసి పంపుతారు, అప్పుడు నిజంగా కందిపప్పు కావాలో లేదో అడగాల్సిందే!

అసలు పని చేసేది క్విక్ రిప్లై. ఇది దానంతట అది వెళ్లదు. మెసేజ్ గడిలో `/` కొట్టి షార్ట్‌కట్ ఎంచుకుంటే వాక్యం వచ్చి పడుతుంది, పంపే ముందు మార్చుకోవచ్చు. 50 దాకా పెట్టుకోవచ్చంటారు గానీ మేం వాడేవి నాలుగైదే. ఎక్కువైతే కొట్లో కుర్రాడికి గుర్తుండవు.

ఒక ఆర్డర్ చూడండి: "పాలు 2, ఉల్లి 2, నూనె 1, బెల్లం". ఇందులో ఉల్లి 2 కిలోలేనని ఊహించొచ్చు. పాలు రెండంటే రెండు అరలీటరు ప్యాకెట్లా, రెండు లీటర్లా? నూనె ఏది? బెల్లం ఎంత? "పూర్తి వివరాలు పంపండి" అని జవాబిస్తే ఆవిడకు ఏం తక్కువైందో తెలియదు, మళ్లీ అదే పంపుతుంది. మా `/entha`లో ఉండే వాక్యం: "ఇవి రాసుకున్నాం: … . ఇది ఒక్కటి చెప్పండి: … ఎంత?" చుక్కల చోట మేమే నింపుతాం. ముందు బెల్లం సంగతి అడుగుతాం. ఆ జవాబు వచ్చాక "నూనె పామాయిలా, సన్‌ఫ్లవరా?" అంటాం. పాలది చివర. మూడూ ఒకేసారి అడిగితే ఒకదానికే జవాబొస్తుంది, అది దేనికో మళ్లీ తేల్చుకోవాలి. "అరకిలో" అని వస్తే బెల్లానిదే అని తెలియాలంటే ఒక్కో ప్రశ్నే దారి. టైమ్ పడుతుంది, పండగ ముందు రోజుల్లో ఇది కుదరదు. అప్పుడు ఫోన్ చేసేస్తాం.

సగం చీటీ ఫోటోకి `/chiti`: "బెల్లం వరకే కనిపిస్తోందండీ. దాని కింద ఏమున్నాయి?" కనిపించిన చివరి సరుకు పేరు మార్చి పంపుతాం. "ఫోటో సరిగా లేదు" అంటే మళ్లీ అదే మూల కోసేసిన ఫోటో వస్తుంది.

రెండు సెట్టింగులు తప్పక చూసుకోవాలి. అవే మెసేజ్ ఎవరికి వెళ్లాలన్న చోట డిస్ట్రిబ్యూటర్లనీ చుట్టాలనీ మినహాయించండి. లేకపోతే స్టాకు గురించి మెసేజ్ పెట్టిన సేల్స్‌మ్యాన్‌కీ "సరుకు పేరు రాయండి" అని వెళ్తుంది. ఇంకోటి, ఫోన్‌కి నెట్ ఉంటేనే అవే మెసేజ్ వెళ్తుంది. రాత్రి డేటా ఆపేసే అలవాటున్నవాళ్లకు ఇది దండగ.

మా అంత కొట్టుకు డబ్బు కట్టే బాట్ అక్కర్లేదు, ఇది చాలు. మందుల షాపువాళ్లు మాత్రం ఇలా చాట్‌లో అడిగి తేల్చుకోవడం మీద ఆధారపడకండి, మందు పేరు సగం రాసిన చోట ఫోన్ చేయడమే నయం.