నాలుగేళ్లు వాడిన ఇయర్‌ఫోన్స్: పాట వస్తుంది, ప్లస్ మైనస్ పనిచేయవు

ఈ ఇయర్‌ఫోన్స్‌ని నాలుగేళ్లుగా నా పాత ఐఫోన్ 6ఎస్‌తో వాడుతున్నాను. తీగ చెక్కుచెదరలేదు, రెండు చెవుల్లోనూ శబ్దం సమానంగా వస్తుంది, రిమోట్‌లో మూడు బటన్లూ పనిచేస్తాయి. మొన్న నాన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెట్టి ఇచ్చాను. ఆయన పాత పాటలు పెట్టుకుని, "ఒరే, సౌండ్ తగ్గట్లేదు రా" అన్నారు. చూస్తే నడిమి బటన్‌కి పాట ఆగుతోంది, ప్లస్ మైనస్ మాత్రం ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ముందు జాక్‌లో దుమ్మేమో అనుకుని పుల్లతో గెలికాను. ఆ పని మీరు చేయకండి, లోపలి స్ప్రింగులు వంగుతాయి. అయినా దుమ్మే కారణమైతే నడిమి బటన్ కూడా మొరాయించాలి కదా!

పిన్ మీద మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. కొన నుంచి వరసగా ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, మైక్. బటన్లకు వేరే తీగంటూ లేదు, అన్నీ మైక్ తీగ మీదే నడుస్తాయి. ఫోన్ ఆ తీగకు చిన్న వోల్టేజీ ఇస్తుంది. నడిమి బటన్ నొక్కితే మైక్, గ్రౌండ్ కలిసిపోతాయి. ఇది రెండు రకాల ఫోన్లకూ అర్థమవుతుంది.

తేడా వాల్యూమ్ దగ్గరే. ఆండ్రాయిడ్ పద్ధతిలో ప్లస్‌కి 240 ఓమ్‌లు, మైనస్‌కి 470 ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. వోల్టేజీ ఎంత పడిందో చూసి ఏ బటన్ నొక్కారో ఫోన్ పోల్చుకుంటుంది. ఐఫోన్ కోసం చేసిన రిమోట్‌లో ఆ పని ఒక చిన్న చిప్పుది. అది మైక్ తీగ మీద తన సంకేతం పంపుతుంది, నాన్న ఫోన్‌కి ఆ భాష రాదు.

నమ్మకం కుదరక మల్టీమీటర్ తీశాను. 2000 ఓమ్‌ల రేంజిలో పెట్టి, పిన్ చివరి రెండు భాగాలకు రెండు కొనలూ ఆనించాను. నడిమి బటన్‌కి దాదాపు సున్నా. ప్లస్ మైనస్‌లకు 240, 470ల దరిదాపుల్లో ఏమీ రాలేదు. ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఇయర్‌ఫోన్స్‌కి ఆ రెండూ వచ్చాయి. సెట్టింగ్స్‌లో వెతికినా లాభం లేదని అక్కడే తేలిపోయింది.

ఇంకో రకం గొడవ కూడా ఉంది. కొన్ని పాత ఫోన్లలో గ్రౌండ్, మైక్ స్థానాలు తారుమారు. వాటికి ఇప్పటి ఇయర్‌ఫోన్స్ పెడితే గాయకుడి గొంతు ఎక్కడో బావిలో ఉన్నట్టుంటుంది, నడిమి బటన్ నొక్కి పట్టుకుంటే బాగవుతుంది. అలా అయితే తప్పు బటన్లది కాదు, పిన్ అమరికది. దానికి ఆ రెండిటినీ మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. వాల్యూమ్ సంకేతాన్ని మాత్రం అలాంటి అడాప్టర్ మార్చలేదు.

నాన్నకి ఆండ్రాయిడ్ రకం వేరే జత కొనిచ్చాను. కొనేముందు దుకాణంలోనే ఆయన ఫోన్‌కి పెట్టి ప్లస్ మైనస్ నొక్కి చూశాం. ఇవి మళ్లీ నా 6ఎస్‌కే చేరాయి.