సెలవుల సంచి: పది గళ్ళ పట్టీకి మాత్రం పూర్తి మార్కులు

కిందటి వేసవిలో సెలవుల్లో ఇంట్లో ఆడించమని మా అమ్మాయి బడిలో ఇచ్చిన ఆటల సంచి, అదే సెలవుల సంచి, ఎలా ఉందని అడిగిన వాళ్ళందరికీ అప్పట్లో కళ్ళు మూసుకుని తీసుకోమని చెప్పాను. ఆ వేసవి అయింది, దసరా సెలవులు అయ్యాయి, సంక్రాంతి కూడా దాటింది. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను. కానీ అందులో ఉన్న పది గళ్ళ అట్టపట్టీని ఎవరైనా తీసిపారేస్తే మాత్రం ఊరుకోను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వేసవి సెలవులూ పెళ్ళిళ్ళ కాలమూ ఒకేసారి వచ్చిపడతాయి కాబట్టి ఆ రోజుల్లో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తీరిక ఉండదు. అంతకు ముందు ఏడాది సెలవుల పని అంటే ఒకటి నుంచి వంద దాకా పుస్తకం నిండా రాసుకురమ్మన్నారు. బడి తెరవడానికి రెండు రాత్రుల ముందు మా వీధిలో ఎన్ని ఇళ్ళలో తల్లులు ఎడమ చేత్తో అంకెలు రాశారో నాకు తెలుసు. ఈ సంచిలో ఆ బాధ లేదు. రాసి తిరిగి ఇవ్వాల్సింది ఏమీ లేదు. రోజుకు ఒక ఆట, పిల్లకు విసుగు పుడితే అక్కడితో ఆపేయమని కార్డు మీదే ఉంటుంది. నా చేతులు మిషను మీద ఉండగా నోటితో ఒక మాట అంటే సరిపోయే ఆటలే ఎక్కువ.

బొమ్మల కార్డులు, మైనపు రంగులు, పాటల కాగితం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రంగులు వారంలో విరిగిపోయాయి. పాటలు మా ఆయన రాత్రిపూట చదివి వినిపించారు. నేను చెప్పదలచుకున్నది పట్టీ గురించి.

అది మూరెడు పొడవున్న అట్ట. ఒకే కొలతలో పది గళ్ళు, ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది వరకు అంకెలు. ఇద్దరికీ చెరొక కాయ. మధ్యలో ముల్లు తిరిగే గుండ్రటి అట్ట ఒకటి, దాని మీద సగం ఒకటి, సగం రెండు. ముల్లు తిప్పి పడినంత జరుపుకుంటూ ముందు పదికి చేరినవాళ్ళు గెలిచినట్టు. ఆరు దాకా ఉన్న పాచిక ఇవ్వకుండా ఒకటీ రెండుతో సరిపెట్టడం మొదట నాకు పిసినారితనం అనిపించింది. కానీ పాచికతో ఆడితే ఈ పట్టీ మూడు నాలుగు విసుర్లలో అయిపోతుంది. ఒకటీ రెండుతో అయితే ఏడెనిమిది విసుర్లు పడతాయి, దాదాపు ప్రతి అంకె మీదా పిల్ల వేలు పడుతుంది. ఆట అసలు ప్రయోజనం అదే.

ఆ ముల్లు మొదటి వానలకే బిగుసుకుపోయింది. రజ పండుగకు కాస్త ముందు గాలిలో చెమ్మ పెరిగేసరికి గుండ్రటి అట్ట ఉబ్బింది, ముల్లును పట్టి ఉంచిన ఇనుప మేకు దానిలో కూరుకుపోయింది. ఎంత గట్టిగా తిప్పినా ముల్లు అర చుట్టు తిరిగి ఒకటి దగ్గరే ఆగేది. "నాకు ఎప్పుడూ ఒకటే పడుతుంది" అని పిల్ల ఏడుపు. నేను కత్తెర మొనతో మేకు కొంచెం వదులు చేస్తే ముల్లు పక్కకు ఒరిగి అట్టను గీరుకోవడం మొదలుపెట్టింది. డబ్బు తీసుకుని ఇచ్చే వస్తువుకు ప్లాస్టిక్ ముల్లు పెట్టలేరా అని ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది.

మా అత్తయ్య మారు మాట్లాడకుండా వంటింట్లోంచి ఒక చింతపిక్క తెచ్చి, గుమ్మం పక్కన గరుకు బండ మీద ఒక వైపు తెల్లగా అయ్యేదాకా అరగదీశారు. తెలుపు పైకి పడితే ఒకటి, నలుపు పడితే రెండు. అష్టాచెమ్మా ఆడిన చేతికి అదేమంత పని కాదు. రెండు వైపులూ సమానంగా పడతాయని నేను చెప్పలేను గానీ ఇద్దరూ వేసేది అదే పిక్క కాబట్టి తగవు లేదు. ముల్లు అప్పటినుంచి చెత్తబుట్టలోనే ఉంది, ఆట మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

అయితే అష్టాచెమ్మా అలవాటు వల్లే ఇంకో చిక్కు వచ్చింది, నా పొగడ్తలో కొంత వెనక్కి తీసుకునేది ఇక్కడే. ఆట ఎలా ఆడాలో కార్డు ముందు వైపు బొమ్మల్లో ఉంది. చదువు రానివాళ్ళు కూడా ఆడించవచ్చని నేను మురిసిపోయింది అందుకే. కానీ అసలు కీలకం వెనక వైపు, చిన్న అక్షరాల్లో, ఒడియాలో ఒకే ఒక వాక్యంగా ఉంది: కాయ జరిపేటప్పుడు ఆ గడిలో ఉన్న అంకెను పైకి పలకాలి. అత్తయ్యది పాతపట్నం వైపు పుట్టిల్లు, తెలుగు తప్ప చదవలేరు. ఆమె అలవాటు ప్రకారం ఎక్కడున్నా "ఒకటి, రెండు" అనుకుంటూ జరిపేవారు, పిల్లా అదే నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగినప్పుడు గానీ ఆ వాక్యం నా కంట పడలేదు. ఇంత ముఖ్యమైన మాటను బొమ్మగా వెయ్యకుండా వెనక దాచిన వాళ్ళను ఏమనాలి?

తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. కాయ నాలుగు మీద ఉంది, నల్ల వైపు పడింది అనుకోండి. "ఒకటి, రెండు" అని జరిపితే పిల్ల ఆరు మీదికి చేరుతుంది, కానీ ఆరు అనే మాట దాని నోట రాదు. పట్టీ మీద ఆ అంకె ఉన్నా లేకపోయినా ఒకటే. "ఐదు, ఆరు" అని జరిపితే నాలుగు తరవాత ఏమిటో, రెండు కలిస్తే ఎక్కడికి చేరుతుందో నోటికీ కంటికీ వేలికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పటిదాకా ఆడిన ఆటల వల్ల పిల్లకు ఏమీ అంటలేదని ఒక్క ప్రశ్నతో తెలిసింది. ఆరు తరవాత ఎంత అని అడిగితే వేళ్ళు చాపి ఒకటి నుంచి మొదలుపెట్టి ఏడు దాకా వచ్చి ఆగేది. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లే.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన రోజుల్లో ఒక తప్పు మళ్ళీ మళ్ళీ చేసేది. నాలుగు మీద ఉండి రెండు పడితే, ఉన్న గడినే మొదటిదిగా లెక్కపెట్టి "నాలుగు, ఐదు" అని ఒక గడి ముందే ఆగేది. ఈ వయసు పిల్లలు చాలామంది ఇలాగే చేస్తారు. అత్తయ్య దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. ముందు కాయను పూర్తిగా గాలిలోకి లేపాలి, పక్క గడిలో టక్కుమని పెట్టినప్పుడే నోరు తెరవాలి. చప్పుడుకు ఒక అంకె, అంతే. కొన్నాళ్ళకు ఆ తడబాటు పోయింది. బడి తెరిచే నాటికి నేను మిషను మీంచి తల ఎత్తకుండా "ఎంత మీద ఉన్నావు? నలుపు పడితే ఎక్కడికి పోతావు?" అని అడిగితే కాయ ముట్టుకోకుండానే చెప్పేది.

ఆ ఆట ఆ సంచి చేసినవాళ్ళ బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో పేద కుటుంబాల చిన్నపిల్లలతో సరిగ్గా ఇలాంటి పట్టీ మీదే, ఒకటీ రెండు మాత్రమే ఉన్న ముల్లుతోనే ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, సారికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. అంకెల పట్టీ మీద ఆడిన పిల్లలకు లెక్కలో వచ్చిన మెరుగు 9 వారాల తరవాత కూడా నిలిచింది. అదే పట్టీ మీద అంకెలకు బదులు రంగులు వేసి ఆడించిన పిల్లలకు అది రాలేదు. గడిలో అంకె పలకకుండా ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెడితే లాభం తగ్గిపోతుందని సీగ్లరే తరవాత ఇంకొకరితో కలిసి చూపించారు. అందుకే వెనక వైపు వాక్యం మీద నాకు అంత కోపం. మా అమ్మాయి విషయంలో మెరుగంతా ఈ పట్టీదే అనను. జూన్‌లో బడి కూడా తెరిచారు కదా.

పట్టీకి రెండో వైపు ఒడియా అంకెలు ఉన్నాయి. రెండు వైపులూ కలిపి ఆడించకండి. ఒడియా నాలుగు చూపుకు ఎనిమిదికి దగ్గరగా ఉంటుంది, పిల్ల తికమకపడింది. ఒక వైపు బాగా వచ్చాకే తిప్పాం.

దసరా సెలవులకు అదే సంచి మళ్ళీ తీస్తే పట్టీ చిన్నదైపోయింది. పదితో ఆగిపోవడం దాని పెద్ద లోటు. పిల్ల గెలుపు ఓటములు తప్ప అంకెలు పట్టించుకోవడం మానేసింది. అందుకని నేల మీద సుద్దముక్కతో 11 నుంచి 20 దాకా ఇంకో వరస గీశాం, అదీ మళ్ళీ ఎడమ నుంచే మొదలుపెట్టి. వైకుంఠపాళిలో లాగా వెనక్కి తిప్పితే 11 వచ్చి 10 నెత్తిన కూర్చుంటుంది. ఎడమ నుంచి గీస్తే 1 మీద 11, 2 మీద 12 వస్తాయి. అది పిల్ల తనంతట తనే కనిపెట్టి నాకు చూపించింది.

వస్తువులను రకాలుగా వేరుచేసే కార్డు గురించి ఒక్క మాట. ఇంట్లో దొరికే వాటితో ఆడించమన్నారు. మా ఇంట్లో దొరికేవి గుండీలు. అరగంటలో నా డబ్బాలోని గుండీలన్నీ చక్కగా రంగుల వారీగా వేరయ్యాయి, నాకు కావలసింది సైజుల వారీగా. ఇది సరదా సంగతి. సరదా కానిది ఏమిటంటే మా చిన్నవాడికి ఇంకా రెండేళ్ళే. గుండీ గానీ చింతపిక్క గానీ వాడి నోట్లోకో ముక్కులోకో పోవడానికి క్షణం చాలు. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఈ ఆటలు పెద్దల కళ్ళ ముందే, ఎత్తు బల్ల మీదే జరగాలి. ఆ హెచ్చరిక సంచి మీద ఎక్కడా లేదు.

తల్లిదండ్రులకు శ్రమ లేదన్న మాట కూడా నా ఇంటికి నిజమైందంటే అత్తయ్య ఉండబట్టే. ఆట ఆడటానికి ఎదురుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషి నేను కాదు. భార్యాభర్తలిద్దరే ఉండి ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో ఈ సంచి బీరువా మీదికి చేరే అవకాశమే ఎక్కువ. ఐదేళ్ళ పిల్ల, పది లోపు అంకెలు వరసగా అప్పజెప్పడం వచ్చి "తరవాత ఎంత" అంటే తడుముకునే పిల్ల అయితే తీసుకోండి. ఆ మెట్టు దాటిన పిల్లకు పట్టీ వల్ల వారం కాలక్షేపం తప్ప ఒరిగేది లేదు. ఈ వేసవికి బడివాళ్ళు మళ్ళీ ఇస్తామంటున్నారు. మా చిన్నవాడికి ఇంకా వయసు రాలేదు, అమ్మాయికి ఇక అక్కర్లేదు. పాత పట్టీని మాత్రం లామినేషన్ చేయించి దాచాను, వెనక ఆ వాక్యాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి.