అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాలా, ముందు విడివిడిగా మాట్లాడాలా?

పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీ ఈఆర్‌పీ, అంటే అన్ని విభాగాల పనినీ ఒకచోట కలిపి నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టుకుంటోందనుకుందాం. ముందుగా ఏ విభాగానికి ఏం కావాలో అడిగి డాక్యుమెంట్‌లో రాసుకోవాలి. అక్కడ తగువు ఎప్పుడూ ఉండేదే. సరుకు కొనే పాత పార్టీ ఫోన్ చేస్తే లోడు ఆగకూడదని సేల్స్ అంటుంది. ఆ పార్టీకి పెట్టిన అరువు లిమిట్ దాటితే బిల్లు కొట్టేది లేదని ఫైనాన్స్ అంటుంది.

హెడ్‌లందరినీ మొదటి రోజే ఒకే గదిలో కూర్చోబెడితే ఓనరు ఎదురుగా ఎవరూ తమ విభాగంలోని లోపం బయటపెట్టరు. గొంతు పెద్దదైనవాళ్ల మాటే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. అలాగని విడివిడిగా మాట్లాడి వదిలేసినా ప్రమాదమే. రెండు కోరికలూ డాక్యుమెంట్‌లో చేరిపోతాయి, ‘అవసరాన్ని బట్టి సడలింపు’ అన్న ముక్కతో సహా. ఆ ముక్క కనబడిందంటే తగువు తేలలేదనే అర్థం. అది టెస్టింగ్‌లో మళ్లీ లేస్తుంది.

మా ఓటు ముందు విడిగా, తర్వాత కలిపి. విడిగా ఒక్కొక్కరికీ గంట చాలు. హెడ్‌తో పాటు ఎంట్రీలు కొట్టే మనిషినీ పిలవాలి. ‘మీకేం కావాలి’ అని అడిగితే కోరికల చిట్టా వస్తుంది. ‘ఈమధ్య ఆగిపోయిన లోడు ఏది, కాగితాలు చూపించండి’ అంటే అసలు నొప్పి బయటపడుతుంది.

ఒక లెక్క చూద్దాం. పార్టీ లిమిట్ 10 లక్షలు, పుస్తకంలో బాకీ 8.5 లక్షలు, కొత్త ఆర్డరు 2.4 లక్షలు. మొత్తం 10.9 లక్షలు కాబట్టి ఫైనాన్స్ ఆపేసింది. పార్టీ పొద్దున్నే 1.5 లక్షలు నెఫ్ట్ చేసిందని సేల్స్ వాదన. అదీ నిజమే. బ్యాంకు జమలు మర్నాడు ఎంట్రీ చేస్తారని అకౌంట్స్ గుమస్తాతో విడిగా మాట్లాడినప్పుడే తెలుస్తుంది. ఆ జమ పడితే మొత్తం 9.4 లక్షలే, ఆపాల్సిన పనే లేదు. సగం తగువు పాలసీది కాదు, ఆలస్యమైన ఎంట్రీది.

మిగతా సగానికే ఉమ్మడి సమావేశం. అక్కడికి కోరికలు కాదు, ఇలాంటి నాలుగైదు కేసులు తీసుకెళ్లాలి. ఒక్కో కేసుకు మూడు ప్రశ్నలు: ఏ దశలో ఆపాలి, ఎవరు విడుదల చేయాలి, ఎంత వరకు? ఆర్డరు దగ్గరే ఆపితే ప్యాకింగ్ నిలిచిపోతుంది. ఇన్‌వాయిస్ దగ్గర ఆపితే లారీ లోడై గేటు దగ్గర ఉంటుంది, హమాలీ కూలీ దండగ. అందుకని ఆర్డరు, ప్యాకింగ్ సాగనిచ్చి, లోడింగ్ స్లిప్ దగ్గర ఆపడం మేలు. లిమిట్ మీద 10 శాతం దాకా, పాత బాకీ గడువు మీరకపోతే, సేల్స్ హెడ్ విడుదల చేయొచ్చు. అంతకు మించితే ఫైనాన్స్ హెడ్. ఈ అంకెలు ఫ్యాక్టరీని బట్టి మారతాయి కానీ ఖాళీగా మాత్రం వదలకూడదు. తేలనిది ఓనరు ఆ గదిలోనే తేల్చి సంతకం పెట్టాలి.

ఓనరే ధర చెప్పి, ఓనరే చెక్కులు చూసుకునే చిన్న యూనిట్‌కు ఈ రెండు దశలు అక్కర్లేదు. గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పూటలో తేల్చేయొచ్చు.