‘ఈఎంఐ ఫిక్స్‌డ్’ అని చెప్పి ఫ్లోటింగ్ లోను అంటగడుతున్నారు, రాయగడ వైపు వాళ్లు జాగ్రత్త

ఒడిశాలో మన రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఇంటి లోన్ల ఏజెంట్లు బాగా తిరుగుతున్నారు. మనతో చక్కగా తెలుగులోనే మాట్లాడతారు, కాగితాలు మాత్రం ఇంగ్లిషులో ఉంటాయి. వాళ్లు పదేపదే చెప్పే మాట ఒకటుంది: "మీ ఈఎంఐ ఫిక్స్‌డ్ సార్, రేట్లు పెరిగినా రూపాయి ఎక్కువ కట్టక్కర్లేదు." వినేవాళ్లు వడ్డీ రేటే ఫిక్స్‌డ్ అనుకుంటారు. లోను చూస్తే ఫ్లోటింగ్, అంటే వడ్డీ రేటు మధ్యలో మారేది. రేటు పెరిగినప్పుడు ఈఎంఐని అలాగే ఉంచి, లోను గడువును వెనక నుంచి పొడిగిస్తారు. మా బావగారి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

ఆయన ఇక్కడే మిల్లులో ఉద్యోగి. 2022 జనవరిలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ దగ్గర 20 లక్షలు తీసుకున్నారు. రేటు 7 శాతం, గడువు 20 ఏళ్లు, ఈఎంఐ 15,506 రూపాయలు. అప్పుడాయనకు 38 ఏళ్లు, రిటైరయ్యే 58కి లోను తీరిపోవాలని లెక్క. అదే ఏడాది మే నుంచి రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వేసే రెపో రేటును పెంచుకుంటూ పోయింది. 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఆయన లోను రేటు 9కి చేరింది. ఖాతాలోంచి మాత్రం ప్రతి నెలా అదే 15,506 కట్ అవుతోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

లెక్క సులువుగా ఉండటానికి ఆ పెంపు అంతా ఏడాది తర్వాత ఒక్కసారే వచ్చిందనుకుందాం. అప్పటికి మిగిలిన అప్పు దాదాపు 19 లక్షల 52 వేలు. దాని మీద 9 శాతం చొప్పున నెల వడ్డీయే 14,643. కట్టే 15,506లో అప్పు తగ్గేది 863 రూపాయలు! ఈ లెక్కన అప్పు తీరాలంటే ఇంకా 387 వాయిదాలు కావాలి. మొదట్లో మిగిలి ఉండాల్సినవి 228. అంటే 19 ఏళ్లు కాస్తా 32 ఏళ్లు దాటింది, మనిషికి 71 వచ్చేదాకా. ఇంకో అర శాతం పెరిగి ఉంటే నెల వడ్డీ 15,457 అయ్యేది. అప్పుడు అసలుకు జమయ్యేది 49 రూపాయలు.

అదే సమయంలో గడువు కదలకుండా ఈఎంఐ పెంచి ఉంటే నెలకు సుమారు 17,900 పడేది. నెలకు 2,400 అదనం, కష్టమే. కానీ మొత్తం మీద కట్టేది 41 లక్షల లోపు. గడువు పెంచిన దారిలో అది 60 లక్షలకు దగ్గర. పంతొమ్మిది లక్షల తేడా ఉన్న నిర్ణయాన్ని ఆయనను ఒక్క మాట అడగకుండా తీసేసుకున్నారు. పైగా అంత వయసుదాకా చాలా సంస్థలు అప్పు నడవనివ్వవు. రిటైర్మెంట్ వయసు పరిమితి అడ్డు తగిలిన రోజున ఈఎంఐ ఒక్కసారిగా పెంచమంటారు, లేదా ఏకమొత్తం కట్టమంటారు.

బయటపడింది ఇన్‌కం టాక్స్ కోసం వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకున్నప్పుడు. ఏడాదికి కట్టింది లక్షా 86 వేలు, అసలు కింద జమైంది పదకొండు వేల లోపు. అంతకు ముందు ఏడాది అది చాలా ఎక్కువ ఉండేది. మీ దగ్గర పాత లోను ఉంటే ఈ సర్టిఫికెట్లు రెండేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. ఈఎంఐ మారకుండా అసలు కింద పడే మొత్తం తగ్గిపోతే గడువు పెరిగిందన్నమాటే.

బ్రాంచికి వెళ్లి అడిగితే "సిస్టమే చేస్తుంది, మా చేతిలో లేదు" అన్నారు. అది నిజం కాదు. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవాళ్లకు ఇవ్వాలి. ఇది హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకూ వర్తిస్తుంది, 2023 డిసెంబరు 31 లోపు పాత లోన్లకు కూడా అమలు చేయాలన్నారు. ఎన్ని వాయిదాలు మిగిలాయో, ఇప్పటిదాకా అసలెంత వడ్డీ ఎంత వసూలైందో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నోటి మాటగా అడిగితే మాత్రం పని కాదు. రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మా బావగారు అలా రాసిచ్చాకే ఈఎంఐ పెంచారు.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. 2025లో రెపో రేటు 6.5 నుంచి 5.25కి దిగింది. బ్యాంకులో రెపోకు ముడిపెట్టిన లోన్లు ఉన్నవాళ్లకు మూడు నెలల లోపు ఆ తగ్గుదల రావాలి, 2019 అక్టోబరు నుంచి బ్యాంకులకు ఆ నిబంధన ఉంది. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు అది లేదు, వాళ్లు తామే నిర్ణయించుకునే ప్రైమ్ లెండింగ్ రేటుకు ముడిపెడతారు. బావగారిది పెరిగేటప్పుడు చకచకా పెరిగింది, తగ్గేటప్పుడు పావు శాతం దగ్గర ఆగింది. కొత్తవాళ్లకు ఇచ్చే రేటు కావాలంటే కన్వర్షన్ ఫీజు కట్టమన్నారు. ఆ ఫీజును వేరే బ్యాంకుకు మార్చుకునే ఖర్చుతో పోల్చి చూసుకోవాలి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోనుకు ముందుగా తీర్చినందుకు ఛార్జీ వేయకూడదు, కాబట్టి మారడానికి అది అడ్డం కాదు.

మరి నిజంగా ఫిక్స్‌డ్ తీసుకుంటే పోలేదా అంటే, రేటు మామూలుగా ఎక్కువ ఉంటుంది. చాలావాటిలో మొదటి రెండు మూడేళ్లే ఫిక్స్‌డ్, ఆ తర్వాత ఫ్లోటింగ్ అయిపోతుంది. ముందుగా తీరిస్తే ఛార్జీ పడే అవకాశమూ ఉంది. మధ్యలో ఫ్లోటింగ్ నుంచి ఫిక్స్‌డ్‌కు మారే సౌకర్యం ఇవ్వాలా వద్దా అన్నది 2025 అక్టోబరు నుంచి సంస్థల ఇష్టానికే వదిలేశారు. నా మట్టుకు నేనైతే రెపోకు ముడిపెట్టిన బ్యాంకు లోనే తీసుకుని, ఈఎంఐ రెండు మూడు వేలు పెరిగినా తట్టుకునేలా అప్పు తగ్గించుకుంటాను.

కొత్తగా తీసుకునేవాళ్లు సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇవ్వాల్సిందే, అదీ మనకు అర్థమయ్యే భాషలో. "ఇక్కడ తెలుగు కాగితం ఉండదండీ" అంటే ఒప్పుకోవద్దు. అందులో రేటు ఫిక్స్‌డా, ఫ్లోటింగా, రెండూ కలిసిన హైబ్రిడా అని రాసి ఉంటుంది. ఫ్లోటింగ్ అయితే దేనికి ముడిపెట్టారు, ఎన్ని నెలలకోసారి మారుస్తారు అన్నవీ ఉంటాయి. రేటు 25 బేసిస్ పాయింట్లు, అంటే పావు శాతం మారితే ఈఎంఐ ఎంతవుతుందో, వాయిదాలు ఎన్నవుతాయో చూపించే గడి కూడా ఉంటుంది. ఏజెంటు మాటను ఆ గడితో సరిపోల్చండి. అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి.

రాసిచ్చిన ఫిర్యాదుకు నెల రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకు అయితే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ అయితే అక్కడ కాదు, నేషనల్ హౌసింగ్ బ్యాంకు వాళ్ల గ్రిడ్స్ పోర్టల్‌లో పెట్టాలి. కన్వర్షన్ ఫీజు సంగతి మేము ప్రస్తుతం అక్కడే పెట్టాం.